“జాబ్ మానేయనా?” అని మెసేజ్ వస్తే, సలహాకు ముందు ఏం అడగాలి

“అక్కా, జాబ్ మానేయనా?”

మెసేజ్ ఇంతే ఉంటుంది. ముందూ వెనకా ఏమీ ఉండదు. ఆఫీసులో ఏం జరిగిందో తెలియదు. ఎన్నాళ్లుగా నడుస్తోందో తెలియదు. రిజైన్ మెయిల్ టైప్ చేసి పెట్టుకుని అడుగుతున్నారో, ఆ పూటకు విసుగొచ్చి అడుగుతున్నారో కూడా తెలియదు. అయినా మనలో చాలామంది వెంటనే జవాబు పంపేస్తాం. “తొందరపడకు, చేతిలో ఆఫర్ ఉంటేనే మానెయ్” అంటారు కొందరు. “ఆరోగ్యం కంటే ఉద్యోగం ఎక్కువా, మానెయ్” అంటారు ఇంకొందరు. రెండూ ప్రేమతో అనేవే. కానీ అవతలి మనిషి గురించి ఒక్క విషయం కూడా తెలుసుకోకుండా అన్నవి.

నేను హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తాను. రిజైన్ చేసినవాళ్లతో చివరి వారంలో కూర్చుని మాట్లాడే ఎగ్జిట్ ఇంటర్వ్యూలు నా పనిలో ఒక భాగం. అక్కడ నేను ఎక్కువగా విన్నది ‘మానేసి తప్పు చేశాను’ అన్న మాట కాదు. ‘ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే బాగుండేది’, ‘టీం మారితే సరిపోయేదేమో, ఎవరూ చెప్పలేదు’ అన్న మాటలే. అంటే ఆ మనిషి మానేయాలా వద్దా అని అందరూ వాదించారు గానీ, ఏది వదిలేయాలనుకుంటున్నారో, ఏ తేదీకి వదిలితే నష్టం తక్కువో ఎవరూ అడగలేదు. ఆ రెండు సంగతులూ బయటికి రావాలంటే ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అన్నది ఇక్కడ చెబుతాను.

మాట సులువుగా సాగడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. మెసేజ్ పెట్టింది మీ పిన్నికూతురు. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. తను మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటూ ఒక మధ్యస్థాయి ఐటీ కంపెనీలో సపోర్ట్ టీంలో పనిచేస్తోంది. మీకు తెలిసింది ఇంతవరకే. నవంబర్ మొదటి వారం, రాత్రి పదకొండు దాటాక ఆ ఒక్క లైను వచ్చింది.

1. మొదటి జవాబులో అవునూ కాదూ రెండూ వద్దు

మొదటి జవాబు రెండు లైన్లు దాటకూడదు. అందులో రెండే ఉండాలి. మెసేజ్ చూశానని, నేను ఉన్నానని తెలియాలి. మాట్లాడే దారిని వాళ్లే ఎంచుకునే వీలుండాలి.

“చూశానమ్మా. ఇప్పుడు ఫోన్ చేయనా, ఇక్కడే టైప్ చేస్తావా?”

ఇలా అడగడానికి కారణం ఉంది. హాస్టల్ గదిలో పక్క మంచం మీద ఇంకొకరుంటే ఫోన్లో మాట్లాడలేరు. ఆఫీసు క్యాబ్‌లో ఉంటే అసలే మాట్లాడలేరు. ఏడుస్తున్న మనిషి గొంతు వినిపించకూడదనుకుంటుంది. మీరు నేరుగా ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు. ఎత్తనందుకు మళ్లీ మొహమాటపడి “ఏం లేదక్కా, ఊరికే అడిగా” అని ముగించేస్తుంది.

ఆ రాత్రి మీకు తీరిక లేకపోతే కూడా ఇదే పద్ధతి. కాకపోతే “తర్వాత మాట్లాడదాం” అని వదిలేయకుండా ఒక సమయం చెప్పండి. “ఇప్పుడు పాపను నిద్రపుచ్చుతున్నా. పన్నెండులోపు చేస్తా. అంతవరకు ఆగగలవా, అర్జెంటా?” అని అడగండి. ఆ చివరి ప్రశ్న వదలొద్దు. దానికి వచ్చే జవాబును బట్టే తర్వాతి అడుగు ఉంటుంది.

మొదటి జవాబులో రాకూడని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. “ఎందుకు?” అని ఒక్క మాటలో అడిగితే అవతలివాళ్లు సంజాయిషీ మొదలుపెడతారు. జరిగింది చెప్పడం మానేసి, తమ తప్పు లేదని నిరూపించుకునే పనిలో పడతారు. “వేరే ఆఫర్ ఉందా?” అన్నది మంచి ప్రశ్నే గానీ మొదటిది కాకూడదు. లేదని చెప్పగానే మాట అక్కడే ఆగిపోతుంది. ఇక “ఇంట్లో తెలుసా?” అన్నది తెనాలికి ఫోన్ వెళ్తుందన్న భయాన్ని పుట్టిస్తుంది. ఆ భయం పుట్టాక మీకు నిజం తెలియదు.

2. అర్జెంటు సంగతులు ముందు

మాట మొదలయ్యాక కథంతా వినేముందు మూడు విషయాలు తేల్చుకోండి. ఒక్కో మెసేజ్‌లో ఒక్కటే అడగండి. మూడూ కలిపి పంపితే చివరిదానికి మాత్రమే జవాబొస్తుంది.

“ఈ రాత్రిలోగా నువ్వు ఏదైనా పంపాలా, సంతకం పెట్టాలా?” ఇది మొదటిది. కొందరు మానేయనా అని అడుగుతారు గానీ, నిజానికి వాళ్లను మానేయమని అవతలివాళ్లు అడుగుతుంటారు. మేనేజరో హెచ్‌ఆరో మీటింగుకు పిలిచి, సాయంత్రంలోగా రిజైన్ మెయిల్ పెట్టమని, లేకపోతే తామే తీసేస్తామని, రికార్డు పాడవుతుందని చెప్పి ఉంటారు. అలాంటప్పుడు జరగాల్సింది సలహా కాదు, సమయం సంపాదించడం. “ఆలోచించుకోవడానికి రెండు రోజులు కావాలి, మీరు చెప్పింది దయచేసి మెయిల్‌లో రాయండి” అని ఆఫీసు మెయిల్‌లో పంపమనండి. ఒకసారి తన పేరుతో రాజీనామా వెళ్లిపోతే, అది తన ఇష్టంతో చేసింది కాదని తర్వాత చూపించడం చాలా కష్టం. తీసేస్తే రావాల్సిన నోటీసు జీతం, పరిహారం గురించి మాట్లాడే బలం కూడా తగ్గిపోతుంది. సంతకం పెట్టేముందు కార్మిక చట్టాలు తెలిసిన లాయర్‌ని ఒక్కసారి కలవమనండి.

రెండోది, “అక్కడ ఎవరైనా నీతో తప్పుగా ప్రవర్తించారా?” మెత్తగా, ఒక్కసారే అడగండి. లేదంటే లేదనే తీసుకోండి. “చెప్పాలనిపించినప్పుడు చెప్పు, ఎప్పుడైనా సరే” అని వదిలేయండి. అవునంటే మాత్రం ఒక సంగతి తనకు తెలియాలి. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమందీ అంతకుమించీ పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. ఉద్యోగం మానేసినంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదు. కానీ ఆఫీసు మెయిలూ చాటూ తెరుచుకోవడం ఆగిపోతుంది. అందుకే వేధింపుల మెసేజ్‌లు, తేదీలు ముందే తన దగ్గర భద్రం చేసుకోవాలి. ఫిర్యాదు చేయాలా, బయటికి వచ్చేయాలా అన్నది పూర్తిగా తన ఇష్టం. మీరు పెద్దరికంతో ఒకవైపు నెట్టొద్దు.

మూడోది అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి. మాటల్లో “ఇంక నావల్ల కాదు”, “నేను లేకపోతేనే అందరికీ మంచిది” వంటివి దొర్లితే చుట్టూ తిప్పకుండా అడగండి. “చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, బంగారూ?” ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన చెప్పుకోవడానికి వీలవుతుంది. అవునంటే ఆ రాత్రి ఉద్యోగం సంగతి పక్కన పెట్టేయండి. తనతో ఫోన్లోనే ఉండి, హాస్టల్లో తన స్నేహితురాలిని గదికి పిలిపించండి. దగ్గర్లో ఉంటే మీరే వెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కళ్ల ముందే ఉందనిపిస్తే 112.

మన ఉదాహరణలో పిన్నికూతురు ఈ మూడింటికీ లేదనే చెప్పింది. “అంత సీరియస్ కాదక్కా, పిచ్చెక్కిపోతోంది అంతే” అంది. సరే, ఇప్పుడు తీరిగ్గా వినొచ్చు.

3. ఈరోజు ఏం జరిగింది?

“ఎన్నాళ్లుగా ఇబ్బంది?” అని పెద్ద ప్రశ్న అడక్కండి. “ఈరోజు ఏమైంది?” అని అడగండి. మానేయాలన్న ఆలోచన నెలల తరబడి ఉండొచ్చు గానీ, ఆ రాత్రే మీకు మెసేజ్ పెట్టడానికి ఆ రోజు ఏదో ఒకటి జరిగే ఉంటుంది. దాని గురించి చెప్పడం మొదలుపెడితే వెనకున్నది దానంతటదే వస్తుంది.

తను చెప్పింది ఇది. సాయంత్రం కాల్‌లో క్లయింట్ ముందే టీం లీడ్ “ఈ అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు” అన్నాడు. తను మైక్ ఆఫ్ చేసుకుని కూర్చుండిపోయింది.

ఇక్కడ మీకు టీం లీడ్ మీద కోపం వస్తుంది. వాడెవడు అనాలనిపిస్తుంది. ఒక్క వాక్యం అనండి చాలు, “అందరి ముందు అలా అనడం తప్పు.” ఆ తర్వాత, “అంతకుముందు ఎలా ఉండేది?” అని అడిగి ఊరుకోండి. టైప్ చేస్తున్నట్టు కనిపించి ఆగిపోతే కంగారుపడి ఇంకో ప్రశ్న వేయొద్దు. రాసి చెరిపేసుకుంటున్నారని అర్థం.

కాసేపటికి అసలు సంగతి వచ్చింది. ఆగస్టులో టీం మారింది. అప్పటినుంచి రాత్రి షిఫ్టే, రొటేషన్ లేదు. పొద్దున ఆరున్నరకు హాస్టల్‌కు వచ్చి పడుకుంటే, గదిలో ఉన్నవాళ్లు లేచే టైం అది. నాలుగు గంటలకు మించి నిద్ర లేదు. మధ్యాహ్నం భోజనం మానేసింది. నిద్ర లేని మనిషి పనిలో తప్పులు చేయడం మొదలైంది. ఆ తప్పుల మీదే లీడ్ మాటలు.

నిద్రా తిండీ గురించి తప్పనిసరిగా అడగండి. “రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు? ఏం తిన్నావు ఇవాళ?” మన ఇళ్లలో ఇవి అడగడం మామూలే కాబట్టి ఎవరూ తప్పుగా తీసుకోరు. పైగా చాలా చెబుతాయి. వారాల తరబడి నాలుగు గంటల నిద్రతో ఉన్నవాళ్లు ఆ రాత్రి తీసుకునే ఏ నిర్ణయమైనా మళ్లీ నిద్రపోయాక చూసుకోవాల్సిందే. అది మానేయాలన్న నిర్ణయమైనా, భరించాలన్న నిర్ణయమైనా అంతే.

4. ఏది వదిలించుకోవాలనుంది?

‘జాబ్’ అన్న మాటలో చాలా కలిసిపోయి ఉంటాయి. కంపెనీ, టీం, పైనున్న మనిషి, షిఫ్టు, చేసే పని, ఊరు, ఒక్కోసారి ఈ రంగమే. వీటిలో ఏది పోతే ప్రాణం తెరిపిన పడుతుందో తేలాలి. నేను వాడే ప్రశ్న ఇది:

“రేపటినుంచి ఒక్కటి మాత్రం మార్చుకోవచ్చంటే ఏం మారుస్తావు?”

ఇలా అడిగితే మనిషి మానేయడం గురించి కాకుండా తన రోజు గురించి ఆలోచిస్తుంది. “మేనేజర్ మారితే” అన్నవాళ్లూ, “ఇంటి దగ్గరుండి చేసే వీలుంటే” అన్నవాళ్లూ, “ఏం మారినా ఈ పని నాకొద్దు, నేను మళ్లీ చదువుకుంటా” అన్నవాళ్లూ వేరువేరు దారుల్లో ఉన్నారు. మూడోవాళ్లకు టీం మార్చుకోమని చెప్పడం వాళ్లను విననట్టే.

పిన్నికూతురు తడుముకోకుండా “పగటి షిఫ్టు” అంది. ఒక నిమిషం ఆగి, “ఆ లీడ్ లేకపోయినా చాలు” అంది. కంపెనీ అనలేదు, పని అనలేదు.

దాని తర్వాత అడగాల్సింది, “దీని గురించి ఆఫీసులో ఎవరినైనా అడిగావా? ఏమన్నారు?” అన్నది. “అడగొచ్చు కదా” అని అనొద్దు. ఆ మాటలో నువ్వు ప్రయత్నించలేదన్న నింద వినిపిస్తుంది. చాలామంది అప్పటికే అడిగి ఉంటారు. లీడ్‌తో నోటిమాటగా చెప్పి ఉంటారు, అతను “చూద్దాం” అని ఉంటాడు. ఐటీ కంపెనీల్లో నోటిమాటకు విలువ తక్కువ. లీడ్‌ని దాటి డెలివరీ మేనేజర్‌కూ హెచ్‌ఆర్‌కూ మెయిల్ వెళ్తేనే అది అడిగినట్టు లెక్క. పిన్నికూతురు విషయంలోనూ సెప్టెంబర్‌లో నోటితో చెప్పిందే తప్ప రాసి ఇవ్వలేదు.

5. ఏ తేదీలు దగ్గరపడుతున్నాయి?

చాలామంది పెద్దలు డబ్బు దగ్గర మొదలుపెడతారు. “ఈఎంఐలు ఎంత, సేవింగ్స్ ఎంత” అని. అవి కావాలి. కానీ డబ్బు అడిగేముందు, “ఇంట్లో ఎవరెవరు నీ జీతం మీద, నీ ఇన్సూరెన్స్ మీద ఉన్నారు?” అని అడగండి. జీతం ఎంతో చెప్పడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఇది చెబుతారు. ఇన్సూరెన్స్ అన్న మాట వాళ్లకు అసలు తట్టి ఉండకపోవచ్చు కూడా.

దాని తర్వాత నాలుగు తేదీలు తెలుసుకోండి. అప్పటికప్పుడు కాకపోయినా మర్నాడు ఆఫర్ లెటర్ తీసి చూసి చెప్పమనండి. చేరిన తేదీ ఎప్పుడు? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు? అప్రైజల్, బోనస్ ఏ నెలలో వస్తాయి? ఇంట్లో ఆపరేషన్, పెళ్లి, ఫీజు లాంటి పెద్ద ఖర్చు ఏదైనా ఉందా?

పిన్నికూతురి జవాబులు ఇలా వచ్చాయి. చేరింది ఏప్రిల్ 1న, ఇప్పటికి నాలుగేళ్ల ఏడు నెలలు. నోటీస్ పీరియడ్ 90 రోజులు. అమ్మానాన్నలు కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఉన్నారు. అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో చేయిద్దామని గుంటూరులో డాక్టరుతో అనుకున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రాత్రే మెయిల్ పెడితే చివరి రోజు ఫిబ్రవరి మొదట్లో పడుతుంది. గ్రూప్ ఇన్సూరెన్స్ మామూలుగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. అంటే అమ్మ ఆపరేషన్ ముందే కవర్ పోయే అవకాశం ఉంది. బయట కొత్తగా పాలసీ తీసుకున్నా, ముందునుంచీ ఉన్న జబ్బులకూ మోకాలి మార్పిడి వంటి ఆపరేషన్లకూ వెయిటింగ్ పీరియడ్ పెడతారు, వెంటనే పనికిరాదు. గ్రూప్ పాలసీనుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది. దానికి ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్‌ని అడిగి దరఖాస్తు పెట్టుకోవాలి. ఒప్పుకోవడం, ప్రీమియం ఎంతన్నది ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో ఉంటుంది కాబట్టి అది ఖాయమని అనుకుని కూర్చోకూడదు.

రెండోది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము. పర్మినెంట్ ఉద్యోగికి అయిదేళ్లు నిండితే వస్తుంది. లెక్కకు వచ్చే చివరి నెల జీతాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు పనిచేస్తే అన్నేళ్లతో గుణిస్తారు. తన పే స్లిప్పులో గ్రాట్యుటీ లెక్కకు వచ్చేది 26,000 అనుకుంటే, ఏడాదికి 15,000 చొప్పున అయిదేళ్లకు 75,000. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని కోర్టు తీర్పులున్నాయి, కొన్ని కంపెనీలు అలాగే ఇస్తాయి. అన్నీ ఇవ్వవు. అందుకే మార్చి 31 దాటాక చివరి రోజు పడేలా చూసుకుంటే ఆ వాదనే ఉండదు.

ఇవి చెప్పేటప్పుడు మీ గొంతులో “అందుకే మానేయొద్దు” అన్నది వినిపించకూడదు. తేదీలు తనను కట్టిపడేయడానికి కాదు, తను తలుపు ఎప్పుడు తెరవాలో చూసుకోవడానికి. “నువ్వు మానేసినా సరే, ఈ రెండూ నీకు దక్కేలా ఏ రోజు మెయిల్ పెట్టాలో చూద్దామా?” అని అడిగితే వినేవాళ్లకు తేడా తెలుస్తుంది. ఇక్కడ మీరు మొదటిసారి తన నిర్ణయాన్ని తనదిగా ఒప్పుకుంటున్నారు.

మెసేజ్ అమెరికానుంచి, హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముడి దగ్గరనుంచి వస్తే తేదీల లెక్క వేరు. అక్కడ ఉద్యోగం ఆగిన రోజునుంచి గరిష్ఠంగా 60 రోజులే గడువు. అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతవరకే. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బయల్దేరాలి. మానేసినా తీసేసినా గడువు ఒకటే. కాబట్టి అతన్ని మొదట అడగాల్సింది, “వీసా ఎవరి మీద ఉంది, నీ మీద ఆధారపడిన వీసాలు ఎన్ని?” అన్నది. మిగతా మాటలు అతని ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాకే.

6. నానుంచి నీకేం కావాలి?

ఇది అడగకుండా సలహాలోకి దిగొద్దు. “ఇప్పుడు నేను వినాలా, నా అభిప్రాయం చెప్పాలా, ఏదైనా పని చేసిపెట్టాలా?” అని మామూలుగానే అడగండి. కొందరికి కోపం కక్కేయడానికి ఒక మనిషి చాలు. కొందరు అప్పటికే నిర్ణయించుకుని, ఇంట్లో చెప్పడానికి మీ తోడు కోసం వస్తారు. అలాంటివాళ్లకు మీరు ఓ గంట లాభనష్టాలు చెబితే మీరూ అమ్మానాన్నల పక్షమేనని అనుకుంటారు.

పిన్నికూతురు అడిగింది రెండు. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ ఎలా రాయాలో చెప్పమంది.

మొదటిదానికి మాట ఇచ్చేముందు ఆలోచించండి. రెండో అడుగులో చెప్పిన ప్రాణహాని భయం ఉంటే దాచనని చెప్పాలి. అది లేకపోతే దాచండి, నిజంగా దాచండి. తెనాలిలో పిన్ని ఫోన్ చేసి “దానికేమైనా అయిందా, డల్‌గా ఉంటోంది” అన్నా, “తననే అడుగు పిన్నీ, చెబుతుంది” అనండి.

7. ఇప్పుడు సలహా, అదీ ఒక్కటే

ఇంతసేపు విన్నాక మీకు చెప్పాలనిపించేవి చాలా ఉంటాయి. ఒక్కటి ఎంచుకోండి. మనిషి అలసిపోయి ఉంటే రెండోది వినపడదు. అది మళ్లీ వెనక్కి తీసుకోగలిగేది అయి ఉండాలి. రిజైన్ మెయిల్‌ను కంపెనీ ఒప్పుకుంటే తప్ప వెనక్కి తీసుకోలేం, సెలవు పెట్టి వెనక్కి రావచ్చు. ఆ రాత్రి పిన్నికూతురికి చెప్పాల్సింది మూడు రోజులు సిక్ లీవ్ పెట్టి, తెనాలి వెళ్లో, మీ ఇంటికి వచ్చో రాత్రిపూట నిద్రపొమ్మనడమే. మెయిల్ సంగతి ఆ మూడు రోజుల తర్వాత. నిద్ర అప్పటికీ పట్టకపోతే, తిండి సయించకపోతే డాక్టర్‌కు చూపించుకోమనండి. డాక్టర్ రాసిచ్చే చీటీ షిఫ్టు మార్పు అడిగేటప్పుడు కూడా పనికొస్తుంది.

హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్‌లో లీడ్ గురించి తిట్లు ఉండకూడదు. జరిగినవి తేదీలతో ఉండాలి. అడిగేది ఒక్కటే ఉండాలి, దానికి గడువు ఉండాలి. ఇలా:

“ఆగస్టు నుంచి నేను నిరంతరంగా రాత్రి షిఫ్టులో ఉన్నాను. దీనివల్ల నా ఆరోగ్యం దెబ్బతింటోంది. సెప్టెంబర్‌లో మా లీడ్‌కు ఈ విషయం చెప్పాను. పగటి షిఫ్టుకు లేదా వేరే ప్రాజెక్టుకు మార్చవలసిందిగా కోరుతున్నాను. డిసెంబర్ 15 లోపు తెలియజేస్తే నా తదుపరి ఏర్పాట్లు చేసుకోగలను.”

ఇంగ్లిషులో పంపుతుంది గానీ ముందు తెలుగులో ఇలా అనుకుంటే అనవసరమైనవి రాలిపోతాయి. లీడ్ అన్న మాటల గురించి ఫిర్యాదు చేయాలనుకుంటే అది వేరే మెయిల్. రెండూ కలిపితే షిఫ్టు సంగతి మరుగున పడుతుంది.

కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ప్రాజెక్టు అవసరమని, ఏప్రిల్ దాకా కుదరదని జవాబు రావచ్చు. అప్పుడు మానేయడమే సరైనదని తను అనుకుంటే, తేదీ ఇప్పటికే మీ ఇద్దరి దగ్గరా ఉంది. జనవరి 5న మెయిల్ పెడితే 90 రోజులకు ఏప్రిల్ 5 వస్తుంది. అమ్మ ఆపరేషన్ కవర్‌లో అయిపోతుంది, అయిదేళ్లూ నిండుతాయి. ఒక్కటి మాత్రం ఆఫర్ లెటర్‌లో వెతకమనండి. నోటీస్ పీరియడ్‌లో కంపెనీ ముందే రిలీవ్ చేయవచ్చన్న షరతు చాలాచోట్ల ఉంటుంది. అది ఉంటే ఆపరేషన్ అయ్యాకే, ఇంకా ధైర్యం కావాలంటే ఏప్రిల్ 1 దాటాకే మెయిల్ పెట్టడం మంచిది. అంతకాలం రాత్రి షిఫ్టు భరించలేనని తను అంటే, ఆ 75,000 వదులుకోవడం కూడా తెలివైన లెక్కే అవుతుంది. అమ్మ ఆపరేషన్‌ను డిసెంబర్‌కు జరపగలరేమో డాక్టర్‌ని అడగడం ఒక దారి. ఎంత నష్టానికి ఎంత నిద్ర అన్నది తను తేల్చుకోవాల్సింది, మీరు కాదు.

“ఏం లేదు, ఊరికే అడిగా” అంటే

ఇంత మంచిగా అడిగినా కొందరు చెప్పరు. గట్టిగా అడిగితే ఇంకా మూసుకుపోతారు. “సరేనమ్మా. ఆదివారం పొద్దున చేస్తా, అప్పుడు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే వేరే కబుర్లు చెప్పుకుందాం” అని రాయండి. ఆదివారం తప్పకుండా ఫోన్ చేయండి. ఉద్యోగం మాట మీరు ఎత్తొద్దు. నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎక్కడ తింటున్నావు అని అడగండి. రెండోసారి ఫోన్ చేసినప్పుడు చెప్పేవాళ్లే ఎక్కువ.

ఆ తర్వాత

సలహా ఇచ్చిన మర్నాడే “మెయిల్ పెట్టావా?” అని అడిగితే అది ఇంకో పై అధికారిలా ఉంటుంది. మూడు రోజులాగి “నిద్ర పట్టిందా?” అని అడగండి. మెయిల్‌లో రాసిన గడువు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లోనూ పెట్టుకోండి. డిసెంబర్ 15 సాయంత్రం తనకు మెసేజ్ చేయాల్సింది మీరే. ఆ రోజుకు జవాబు రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో, జనవరిలో ఏం రాయాలో ఇద్దరూ కూర్చుని చూసుకోవచ్చు. ఇంత మాట్లాడుకున్నాక కూడా తను మధ్యలోనే పేపర్లు పెట్టేస్తే, వెంటనే అడగాల్సినవి రెండే ఉంటాయి. “చివరి రోజు ఎప్పుడు పడింది? ఇన్సూరెన్స్ మార్పు కోసం హెచ్‌ఆర్‌కు రాశావా?”